బాబు చెవి రిపోర్టులో ఒక గీత ఫ్లాట్‌గా, ఇంకోటి కొండలా వచ్చింది. అర్థం చెప్తారా?

బాబు అమ్మ: మా బాబుకి ఐదేళ్లు. జలుబు తగ్గి మూడు వారాలైంది, కానీ పిలిస్తే పలకడం లేదు, టీవీ సౌండ్ పెంచుతున్నాడు. టింపనోమెట్రీ చేశారు. కుడి చెవి: ECV 0.6 ml, పీక్ దగ్గర NP అని ఉంది, గీత అడ్డంగా సాగిపోయింది. ఎడమ చెవి: ECV 0.7 ml, పీక్ -180 daPa దగ్గర. డాక్టర్‌ని కలవడానికి ఇంకా రెండు రోజులుంది. చాలా టెన్షన్‌గా ఉంది.

గుంటూరు నాన్న: ఫ్లాట్ అంటే చెవిలో నీరు చేరినట్టేనండి, వేరే అర్థం లేదు. మా పాపకీ అలాగే వస్తే చెవి పొరలో గ్రామెట్ అనే చిన్న గొట్టం వేయించాం. బాధ ఏంటంటే, వేశాక మళ్లీ చేస్తే గీత ఇంకా ఫ్లాట్‌గానే ఉంది. ఆపరేషన్ పనిచేయలేదనుకుంటున్నాం.

ఆడియాలజిస్ట్: అమ్మా, ముందు ఆ మెషిన్ ఏం చేసిందో చెప్తాను. చెవిలో పెట్టిన రబ్బరు ముక్క గాలి పోకుండా మూసేస్తుంది. లోపల గాలి ఒత్తిడిని +200 నుంచి మెల్లగా మైనస్‌లోకి తగ్గిస్తూ, ఒక చిన్న శబ్దం పంపుతుంది. చెవి పొర సులువుగా కదిలితే ఆ శబ్దం లోపలికి పోతుంది, బిగుసుకుంటే వెనక్కి వస్తుంది. పొరకు రెండు వైపులా ఒత్తిడి సమానమైన క్షణంలో అది అన్నిటికంటే బాగా కదులుతుంది. గీతలో కొండ శిఖరం అదే. కాబట్టి శిఖరం ఎక్కడుందో చూస్తే పొర వెనక గాలి ఎంత ఒత్తిడిలో ఉందో తెలుస్తుంది.

ఎడమ చెవిలో శిఖరం సున్నా దగ్గర ఉండాల్సింది -180కి జరిగింది. అంటే ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం సరిగా తెరుచుకోవట్లేదు, లోపలి గాలి పలచబడి పొరను లోపలికి లాగుతోంది. జలుబు తర్వాత ఇది మామూలే. కుడి చెవిలో ఒత్తిడి ఎంత మార్చినా పొర కదల్లేదు, అందుకే శిఖరమే లేదు, రిపోర్టులో NP అంటే అదే.

గుంటూరు నాన్న గారూ, మీరు చెప్పింది సగమే నిజం. ఫ్లాట్ గీతను ఒంటరిగా చదవకూడదు, పక్కనున్న ECV చూడాలి. అది చెవిలో ఆ రబ్బరు ముక్క ముందున్న గాలి ఎంతో చెప్తుంది. ఈ వయసులో 0.6 మామూలు, కాబట్టి బాబుకి పొర చిల్లులేకుండా ఉంది, వెనక ద్రవం ఉండే అవకాశం ఎక్కువ. అదే ECV చాలా తక్కువైతే గుబిలి అడ్డుండొచ్చు, లేదా ఆ రబ్బరు ముక్క చెవి గోడకి ఆనుకుని ఉండొచ్చు. బాగా ఎక్కువైతే గాలి పొర దాటి మధ్య చెవిలోకి కూడా పోతోందన్నమాట, అంటే చిల్లు ఉంది లేదా గ్రామెట్ తెరిచి ఉంది. మీ పాప రిపోర్టులో ఎంతుంది?

గుంటూరు నాన్న: ఆపరేషన్‌కి ముందు 0.7. తర్వాత 2.8.

ఆడియాలజిస్ట్: అయితే ఆ గ్రామెట్ తెరిచి ఉండి గాలి లోపలికి వెళ్తోందని అనుకోవచ్చు. ఫెయిల్ కాదు. ఫ్లాట్‌గా ఉంటూ 0.7కే పడిపోతే, అప్పుడు గ్రామెట్ మూసుకుపోయిందేమో చూపించాలి.

బాబు అమ్మ: వాడు పరీక్షలో బాగా ఏడ్చాడు సార్. దానివల్లే తప్పు వచ్చిందా?

ఆడియాలజిస్ట్: ఏడ్చినా, మింగినా గీత గజిబిజిగా, పళ్ల రంపంలా వస్తుంది. నున్నటి ఫ్లాట్ రాదు. అయినా ఇంకోసారి చేయించి అదే వస్తే నమ్మకం పెరుగుతుంది.

కోడలు: మా మామగారికి కొండ చక్కగా సున్నా దగ్గర వచ్చింది. నార్మల్ అన్నారు. కానీ ఆయనకి ఏమీ వినపడదు! మెషిన్ పాడైందా?

ఆడియాలజిస్ట్: మెషిన్ బాగానే ఉందమ్మా. ఇది వినికిడి పరీక్ష కాదు, మధ్య చెవి కదలికే చూస్తుంది. లోపలి చెవిలోనో నరంలోనో లోపం ఉంటే గీత నార్మల్‌గానే ఉంటుంది. ఆయనకి ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించండి. బాబుకీ అంతే, ఎంత తక్కువ వినిపిస్తోందో ఈ గీత చెప్పదు.

కరీంనగర్ పెద్దమ్మ: మా మనవడికి మూడు నెలలు ఆగమన్నారు, నీరు దానంతటదే పోయింది. వెంటనే కోయించకండమ్మా.

ఆడియాలజిస్ట్: చాలామంది పిల్లల్లో మూడు నెలల్లో తగ్గుతుంది, నిజమే పెద్దమ్మా. కానీ మాట వెనకబడినా, పొర బాగా లోపలికి కుంగినా అంతవరకు ఆగకపోవచ్చు. చెవిలోకి చూడకుండా నేనిక్కడ తేల్చలేను.

బాబు అమ్మ: మాటలు బాగానే వచ్చాయి, కానీ ఈ మధ్య "ఏంటి?" అని ఎక్కువగా అడుగుతున్నాడు. ఆడియోగ్రామ్ కూడా అదే రోజు చేయమని అడుగుతాను.