తొలగించిన పోస్టు వార్తా పేజీలో ఇంకా కనిపిస్తోంది, ఎవరిని అడగాలి?

నీలికలువ
కోపంలో ఉన్నప్పుడు ట్విట్టర్‌లో ఒక పోస్టు పెట్టాను. అందులో మా ఇంట్లో ఒకరి అనారోగ్యం గురించి రాశాను, రాయకూడదు. నాలుగు నెలల క్రితం తొలగించాను. లింకు నొక్కితే ఆ పేజీ లేదని వస్తుంది. కానీ ఒక వార్తా సైటు కథనంలోనూ, ఒక బ్లాగులోనూ ఆ మాటలు నా పేరుతో, తేదీతో అలాగే ఉన్నాయి. ట్విట్టర్‌కు రెండుసార్లు ఫిర్యాదు చేస్తే ఆ పోస్టు తమ దగ్గర లేదన్నారు. మరి ఎక్కడ ఉన్నట్టు?

గాలివాన
అది కాష్ అండీ. మీ బ్రౌజర్‌లో పాత ప్రతి మిగిలి ఉంటుంది. తుడిచేయండి, లేదా కొన్నాళ్లు ఆగండి, అదే పోతుంది.

నీలికలువ
మా అక్క ఫోనులోనూ అలాగే కనిపిస్తోంది. తను ఆ పేజీని ఇంతకు ముందు ఎప్పుడూ తెరవలేదు.

తెరవెనుక
వార్తా సైటులో అది ఎలా కనిపిస్తోంది? గడి, బొమ్మ, ఇష్టాల సంఖ్య ఉన్నాయా, లేక కాస్త లోపలికి జరిగిన మామూలు అక్షరాలేనా?

నీలికలువ
మామూలు అక్షరాలే. కింద నా పేరు, తేదీ.

తెరవెనుక
అయితే మీ మాటలు ఆ సైటు సొంత పేజీలోనే ఉన్నాయి. పోస్టును పొందుపరచడానికి ట్విట్టర్ ఇచ్చే కోడ్ ఇలా ఉంటుంది:

```html
<blockquote class="twitter-tweet">
<p>పోస్టులోని మాటలు</p>
— పేరు <a href="...">తేదీ</a>
</blockquote>
<script async src="https://platform.twitter.com/widgets.js"></script>
```

విలేకరి దీన్ని అతికించిన రోజే మీ మాటలు కథనంలో భాగమయ్యాయి. చివరి వరుసలోని స్క్రిప్టు పేజీ తెరిచినప్పుడల్లా అసలు పోస్టును తెచ్చి ఆ మాటల స్థానంలో అందమైన గడిని పెడుతుంది. పోస్టు లేకపోతే తేవడానికి ఏమీ ఉండదు కనుక కింద ఉన్న మాటలు బయటపడతాయి. మీరు తొలగించింది అసలును, నకలును కాదు. పేజీ సోర్స్ తెరిచి మీ వాక్యంలో ఒక ముక్క వెతకండి, దొరికితే ఇదే కారణం.

2022లో ట్విట్టర్ ఆ స్క్రిప్టును మార్చి, తొలగించిన పోస్టుల చోట ఖాళీ పెట్టె చూపించింది. పాత కథనాల్లో ఉటంకించిన మాటలు మాయమవుతున్నాయని విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది. ఆ రోజుల్లో కూడా మాటలు సోర్స్‌లోంచి పోలేదు, కనిపించలేదంతే. అందువల్ల తీయగలిగింది ఆ సైటు సంపాదకులే.

సాయంసంధ్య
నా వీడియో కూడా ఒక బ్లాగులో పెట్టారు. నేను యూట్యూబ్‌లో తీసేయగానే అక్కడా పోయింది. మీరు సరిగ్గా తొలగించలేదేమో, మళ్లీ చూసుకోండి.

తెరవెనుక
వీడియో విషయం వేరు. అక్కడ పేజీలో ఉండేది యూట్యూబ్ వైపు తెరిచిన కిటికీ మాత్రమే, వీడియో ఆ పేజీలో ఉండదు. అటువైపు తీసేస్తే ఇటు ఏమీ మిగలదు.

నీలికలువ గారూ, ఆ బ్లాగు వర్డ్‌ప్రెస్‌ అయితే గాలివాన గారి మాట సగం నిజం. అక్కడ రచయిత లింకు మాత్రమే అతికించినా, వర్డ్‌ప్రెస్ ఇదే కోడ్‌ను తెచ్చుకుని తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. అది కాష్‌యే, కానీ దానంతట అది పోదు. మళ్లీ తెచ్చుకునే ప్రయత్నం విఫలమైతే పాతదాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచుతుంది. బ్లాగు నడిపేవారు కథనం సంఖ్యతో ఈ ఆదేశం ఇవ్వాలి:

```
wp embed cache clear 123
```

లేదా కథనంలోంచి ఆ లింకునే తీసేయాలి. పేజీ కాష్ ఉంటే దాన్నీ ఖాళీ చేయాలి.

దీపశిఖ
నేను వార్తల డెస్కులో పనిచేస్తాను. 'పోస్టు తొలగించాను, మీరూ తీయండి' అని ఒక్క ముక్క రాస్తే మా దగ్గర కదలిక ఉండదు. పేజీ లింకు, ఎన్నో పేరా, తీయవలసిన వాక్యం, కారణం రాయండి. ఒకరి ఆరోగ్య వివరం ఉందన్నది బలమైన కారణం. ప్రజా పదవిలో ఉన్నవారు మాట మార్చి తొలగించిన పోస్టునైతే నేను తీయను, అది ఉండవలసిందే. మీది అలాంటిది కాదు.

గాలివాన
చట్టప్రకారం తప్పనిసరిగా తీయాలి కదా?

దీపశిఖ
అది దేశాన్ని బట్టి, విషయాన్ని బట్టి మారుతుంది. అడిగిన ప్రతిసారీ తీయాలన్న నియమం ఉందని నేను చెప్పలేను.

నీలికలువ
పది రోజుల తరువాత రాస్తున్నాను. సోర్స్‌లో వెతికితే నా వాక్యం దొరికింది. దీపశిఖ గారు చెప్పినట్టే రాశాను, వార్తా సైటు వారు ఆ పేరాను సవరించారు. గూగుల్ ఫలితాల్లో మాత్రం పాత వాక్యం ఇంకా కనిపిస్తోంది.

తెరవెనుక
పేజీ మారింది కనుక ఇప్పుడు గూగుల్‌లో Refresh Outdated Content అనే చోట ఆ లింకు ఇచ్చి, పేజీలోంచి పోయిన ఒక పదం రాయండి. పేజీ మారకముందు అడిగి ఉంటే తిరస్కరించేవారు. బ్లాగు సంగతి?

నీలికలువ
బ్లాగులో సంప్రదించడానికి చిరునామా లేదు. వ్యాఖ్య రాస్తే అందరి కళ్లూ దాని మీదే పడతాయని భయంగా ఉంది. ఇలాంటి చోట యజమానిని చేరుకున్నవారు ఎవరైనా ఉన్నారా?