ఫ్యామిలీ ఫోటోతో రంగులేసే పేజీ: ఫిల్టరా, చేతి గీతా?

హన్మకొండ_అమ్మ: వేయిస్తంభాల గుడి దగ్గర దిగిన ఫోటోను మా నాలుగేళ్ల బిడ్డ రంగులేసుకునే పేజీగా చేద్దామని ఎడ్జ్ ఫిల్టర్ వేశా. స్తంభాల చెక్కడమంతా వెంట్రుకల్లా వచ్చింది, మామయ్య పంచె అంచు మాత్రం మాయం. ఫిల్టర్‌తోనే సరిచేయొచ్చా, చేత్తో గీయాల్సిందేనా?

పిల్లి_నాన్న: ఫిల్టరే చాలు అక్కా. ముందు ఫోటోను కొంచెం బ్లర్ చేసి తర్వాత వేయి, చెక్కడం పోతుంది. మా పిల్లి ఫోటో అట్లనే చేసిన, రెండు నిమిషాల పని.

బోర్డుల_అన్న: చెక్కడం తగ్గుతది, నిజమే. పంచె మాత్రం రాదు తమ్మీ. ఫిల్టర్ మనిషిని చూడదు, వెలుగులో తేడా ఉన్న చోటే గీత వేస్తది. తెల్ల పంచె వెనక ఎండకు మెరిసే బండ ఉంటే తేడా ఎక్కడిది, ఉన్న కాస్త కూడా బ్లర్‌లో పోతది.

నేనైతే GIMP లో ఫోటోను A4 సైజు, 300 dpi చేసి, దాని opacity 40 కి తగ్గించి, పైన ఖాళీ లేయర్‌లో 15 పిక్సెళ్ల గట్టి అంచు బ్రష్‌తో గీస్త. ప్రింటులో ఒక మిల్లీమీటరు పైచిలుకు మందం వస్తది, నాలుగేళ్ల పిల్లకు సరిపోతది. ముందున్న మనిషిని మొదట పూర్తిగా గీయాలి, వెనకాయన గీతలను ముందాయన గీతలోకి కొద్దిగా చొప్పించి ఆపాలి. సందులు మిగిలేది ఎక్కువ అక్కడనే. స్తంభానికి నాలుగు పట్టీలు చాలు, చెక్కడం జోలికి పోవద్దు.

అయినంక ఫోటో దాచి, కింద తెల్ల లేయర్ పెట్టి, Sample merged టిక్ చేసి, Bucket Fill తో ఒక్కో గడిలో ఎరుపు పోసి చూడు. పేజీ అంతా ఎర్రబడితే ఎక్కడో సందున్నట్టే. Fill by line art detection మాత్రం పెట్టకు, అది చిన్న సందులను తనే మూసేసుకుంటది, తప్పు కనపడదు. Fill similar colors లో ఉంచు.

కాజీపేట_పెద్దాయన: మా పెళ్లి ఫోటో బ్లాక్ అండ్ వైట్‌ది, దానికి రంగులు వేయడానికి ఎంత తీసుకుంటారు బాబూ?

బోర్డుల_అన్న: అది వేరే పని బాబాయ్, ఇక్కడ రంగులు పిల్లలే వేస్తరు.

బడి_టీచర్: క్రయాన్‌తో వేసే పిల్లకు సందుంటే ఏంటి నష్టం? మా క్లాసులో మూసి ఉన్న గీతలనే దాటేస్తారు. ఇంత టెన్షన్ ట్యాబ్‌లో వేసేవాళ్లకే అవసరం.

బోర్డుల_అన్న: కాగితం మీద రంగు కారదు మేడం, ఒప్పుకుంట. కానీ గడ్డం గీత మెడలో కలిసిపోతే ముఖం ఎక్కడ ఆగిందో పిల్లకు ఎట్ల తెలుస్తది? ముక్కు, కనుబొమ్మలు తెరిచున్నా ఫరవాలేదు.

బడి_టీచర్: పిల్లలకు అమ్మ ముఖం తెలియదా ఏంటి! నాకైతే ఎక్కలేదు.

హన్మకొండ_అమ్మ: ఎరుపు పోశా అన్నా, అత్తమ్మ కొంగులో పోస్తే మామయ్య చొక్కా కూడా ఎర్రబడింది. మోచేయి దగ్గర వెంట్రుకంత సందు, మామూలుగా చూస్తే కనిపించలేదు. మూసి ప్రింటు తీయించా. జుట్టు నల్లగా నింపేశా, బిడ్డ మాత్రం "నానమ్మ జుట్టుకు నేను రంగు వేయొద్దా" అని అలిగి కూర్చుంది.