ఎర్రర్ బార్ల వివరం క్యాప్షన్‌లో ఉండాలా, మెథడ్స్‌లో ఉంటే చాలదా?

కొత్త స్కాలర్: మొదటి పేపర్ రాస్తున్నాను. బొమ్మ 2 కింద "సగటు ± ఎర్రర్" అని పెట్టాను. మెథడ్స్‌లో అంతా ఉంది, మళ్లీ రాయక్కర్లేదని మా సీనియర్ అంటున్నారు. గైడ్ గారేమో రాయమంటున్నారు. ఏది సరైనది?

పొదుపరి: మీ సీనియర్ మాటే సబబు. ఒకే సంగతి రెండు చోట్ల రాస్తే, రివిజన్‌లో ఒకచోట మార్చి రెండోది మరిచిపోతాం. రివ్యూయర్లు అలాంటివే పట్టుకుంటారు. క్యాప్షన్ రెండు లైన్లు దాటకూడదు.

గణాంక మిత్ర: మరిచిపోతామన్నది నిజమే. అయినా "ఎర్రర్" అన్న ఒక్క మాటతో వదిలేస్తే చదివేవారికి బొమ్మ అర్థం కాదండీ. 9 ఎలుకలు, సగటు 48, ఎస్‌డీ 12 అనుకుందాం. బార్ ఎస్‌డీ అయితే అటూ ఇటూ 12 ఉంటుంది. ఎస్ఈఎం అయితే 12ను 9 వర్గమూలంతో భాగించాలి కాబట్టి 4 మాత్రమే. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అయితే సుమారు 9.2. డేటా ఒకటే, బార్లు మూడు రకాలు. 4 ఉన్న బార్‌ను ఎస్‌డీ అనుకున్నవాళ్లు ఎలుకల మధ్య తేడా చాలా తక్కువనుకుంటారు.

ఇంకో చిక్కు ఎన్‌తో. ఒక్కో ఎలుక నుంచి మూడు కొలతలు తీసుకుని క్యాప్షన్‌లో ఎన్ = 27 అని రాస్తే, వచనంలో 9 ఎలుకలని ఉంటే, ఏది నమ్మాలి? ఒకే ఎలుక కొలతలు ఒకదానికొకటి స్వతంత్రం కావు. 27 వర్గమూలంతో భాగిస్తే బార్ అన్యాయంగా చిన్నదైపోతుంది. నేనైతే ఇలా రాస్తాను: "ఒక్కో చుక్క ఒక ఎలుక (మూడు కొలతల సగటు). అడ్డగీత సగటు. బార్లు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. ఎన్ = 9 ఎలుకలు." ఎలుకల జాతి, మందు తయారీ మాత్రం మెథడ్స్‌లోనే ఉండనివ్వండి.

థీసిస్ టెన్షన్: నాదీ ఇదే బాధ! నా టేబుల్ 1లో నక్షత్రం అంటే "డేటా లేదు", టేబుల్ 3లో p < 0.05. ఎగ్జామినర్ రెండూ కలిపి చదివేశారు. నక్షత్రాలే తీసేయనా?

గణాంక మిత్ర: మీది వేరే సమస్యండీ, తీసేయక్కర్లేదు. నక్షత్రాన్ని ప్రాముఖ్యతకే ఉంచి, లేని డేటాకు గీత పెట్టి, కింద గమనికలో కారణం రాయండి. దేనితో పోల్చి ఆ p వచ్చిందో, ఏ టెస్టో కూడా అక్కడే ఉండాలి. "కంట్రోల్‌తో పోలిస్తే" అన్న మాట లేకపోతే నక్షత్రానికి అర్థమే లేదు.

పొదుపరి: సరే, ఎన్, బార్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ కొందరు క్యాప్షన్ మొదటి వాక్యంలోనే "మందు వాపును తగ్గించింది" అని ఫలితం రాసేస్తారు. అది నాకు మింగుడుపడదు.

గణాంక మిత్ర: కొన్ని జర్నల్స్ అలాగే అడుగుతాయి, కొన్ని వద్దంటాయి. నాకైతే ఫలితం ఉంటేనే బొమ్మ త్వరగా అర్థమవుతుంది. వచనంలో "తగ్గుదల ధోరణి" అని, క్యాప్షన్‌లో "తగ్గించింది" అని ఉంటే మాత్రం ఒప్పుకోను.

పొదుపరి: అందుకే ఫలితం వచనంలోనే ఉండాలంటాను.

కొత్త స్కాలర్: మా స్క్రిప్ట్ చూశాను. బార్లు ఎస్ఈఎం, ఎన్ 27గా తీసుకున్నవి. ముందు బొమ్మే మళ్లీ గీస్తున్నాను, క్యాప్షన్ తర్వాత.