ఓపీజీలో వాలిపోయిన జ్ఞానదంతం, దాని ముందు పన్నులో పుచ్చు: ఫిల్మ్ ఎలా చూడాలి?

కందుకూరు_27: ఎడమ కింద దవడ చివర నొప్పి. రెండు దవడలూ ఒకే ఫిల్మ్‌లో పడే ఎక్స్‌రే, ఓపీజీ తీశారు. 38, అంటే చివరి జ్ఞానదంతం, ముందుకు వాలి ఇరుక్కుందనీ, దాని ముందు పన్ను 37 వెనక పుచ్చు ఉందనీ, అక్కడ ఎముక తగ్గిందనీ రిపోర్టు. కానీ ఫిల్మ్‌లో వాలిన పన్ను కుడివైపు ఉంది. వేరేవాళ్ళ ఫిల్మ్ ఇచ్చారా? పైన చిన్న దవడ పళ్ళ మెడల దగ్గర కూడా నల్లగా ఉంది. అవీ పుచ్చులేనా? వయసు 27.

దవడ_ఫిల్మ్: ఫిల్మ్ మీదే. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తున్నట్టు చూడాలి, మీ ఎడమ మాకు కుడి. మూలన L అక్షరం ఎటుందో చూసుకోండి.

ముందు 37 సంగతి. దాని కిరీటం చుట్టూ తెల్లటి ఎనామిల్ అంచు మీద చూపు పెట్టి వెనక్కి రండి. 38 ఆనుకున్న చోట, మెడ దగ్గర ఆ గీత తెగి, లోపలికి చింపిరి అంచుతో నలుపు పోతుంటే అది పుచ్చే. అన్నం ఇరుక్కుని, బ్రష్ అందక, ఇలా వాలిన పన్నుకు ముందుది పుచ్చడం మామూలే. 38 కిరీటం నీడ దాని మీద పడితే మాత్రం పుచ్చు దాగిపోతుంది, లేకపోతే లేని పుచ్చు ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ఆ ఒక్క పన్నుకు చిన్న ఎక్స్‌రే ఇంకో కోణంలో తీయించాలి.

పై పళ్ళది వేరు. ఎనామిల్ అయిపోయే చోటికీ ఎముక మొదలయ్యే చోటికీ మధ్య పన్ను పలచన, కిరణాలు ఎక్కువ దూరి నల్లగా పడుతుంది. వరసగా నాలుగైదు పళ్ళకు ఒకేలా, అంచు లేకుండా మసకగా ఉంటే చాలావరకు అదే. పైగా అక్కడ పళ్ళు ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. చిన్న పుచ్చు తేలాలంటే పళ్ళు కరిచిపెట్టి తీసే చిన్న ఎక్స్‌రే, బైట్‌వింగ్ ఉండాలి, ఓపీజీ ఆ పనికి రాదు.

ఒంగోలు_పీజీ: 38 వేరు కొన కింద దవడలోని నరం కాలువ మీద పడిందంటే పన్ను తీయకూడదు అన్నా, పెదవి మొద్దుబారిపోతుంది.

దవడ_ఫిల్మ్: సగం నిజం. ఓపీజీ చదును బొమ్మ. వేరు కాలువకు ముందున్నా వెనకున్నా దాని మీదే పడ్డట్టు కనిపిస్తుంది. చూడాల్సింది కాలువ పైనా కిందా రెండు తెల్ల గీతలు. వేరు దాటే చోట అవి తెగాయా, కాలువ పక్కకు వంగిందా, సన్నబడిందా, అక్కడ వేరు నల్లబడిందా? వీటిలో ఒకటి ఉన్నా లోతు కూడా చూపే 3డీ స్కాన్, సీబీసీటీ అడగాలి. ఏదీ లేకపోతే భయం తక్కువ, అంతే. తప్పక తగులుతుందనీ తగలదనీ ఈ బొమ్మతో చెప్పలేం.

కనిగిరి_నీళ్ళు: మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ళకు పళ్ళ మీద గోధుమ మచ్చలు. ఓపీజీ తీస్తే ఎంత లోతో తెలుస్తుందా సార్?

దవడ_ఫిల్మ్: మచ్చ ఫిల్మ్‌లో పడదు. ఎనామిల్ గుంటలు పడి ఊడితేనే కాస్త తెలుస్తుంది. దానికి కంటితో చూడటమే సరి.

నెల్లూరు_చిగుళ్ళు: రిపోర్టులో ఉన్న ఎముక మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. మామూలుగా ఎముక అంచు ఎనామిల్ అయిన చోటికి ఒకటి రెండు మి.మీ. కిందే ఉంటుంది. ఓపీజీ బొమ్మ పెద్దదై పడుతుంది, స్కేలు పెట్టి కొలవకండి. వేరు పొడవులో ఎంత భాగం బయటపడిందో చూడండి. 37కు ముందున్న 36 దగ్గర అంచు సరిగ్గా ఉండి, 37 వెనక మాత్రమే గుంటలా దిగితే అది 38 చేసిన పని. అన్ని పళ్ళకూ సమానంగా దిగితే చిగుళ్ళ జబ్బు. కింద ముందు పళ్ళ దగ్గర మాత్రం తీర్పు చెప్పకండి, వెన్నెముక నీడ పడి మసకబారుతుంది. ఏదైనా సరే, ప్రోబ్ అనే గీతల పుల్లతో చిగురు లోతు కొలిస్తేనే ఖాయం.

ఒంగోలు_పీజీ: 38 తీసేస్తే ఆ గుంట నిండిపోతుంది కదా అక్కా?

నెల్లూరు_చిగుళ్ళు: చిన్న వయసులో బాగా నిండుతుంది. పాతికేళ్ళు దాటాక అంత నమ్మకం పెట్టుకోలేం. 37 పుచ్చు ఎముక అంచు కన్నా కిందికి పోయిందో లేదో ముందు చూడండి. పోతే ఫిల్లింగ్ అంచు దొరకదు, 37 కూడా చేజారొచ్చు.

కందుకూరు_27: 36 దగ్గర బాగుంది, 37 వెనక గుంట ఉంది. కాలువ పై గీత వేరు కొన దగ్గర కనిపించడం లేదు. నలుపు 37 మధ్య నరం ఉండే గదికి అంటినట్టే ఉంది. ఫోన్లో తీసిన ఫొటో పెడుతున్నా.

దవడ_ఫిల్మ్: ట్యూబ్‌లైటుకు పెట్టి ఫోన్లో తీస్తే సన్న గీతలు పోతాయి. సెంటర్లో అసలు ఫైల్ అడిగి తెచ్చుకోండి. అందులోనూ గీత తెగే ఉంటే సీబీసీటీ. 37కు రూట్ కెనాలా, ఫిల్లింగా అన్నది ఫిల్మ్ తేల్చదు. చల్లదనం తగిలించి పన్ను ప్రాణంతో ఉందా లేదా చూస్తారు.

నెల్లూరు_చిగుళ్ళు: నేనైతే ముందు చిన్న ఎక్స్‌రే. 37 నిలిచేది కాకపోతే లెక్కంతా మారుతుంది.

దవడ_ఫిల్మ్: 37 ఎలా ఉన్నా 38 తీయాల్సిందేగా అక్కా. ఆ నరం సంగతి ముందే తెలియాలి.

కందుకూరు_27: సోమవారం ఫైల్ తెచ్చి పెడతా.