కాపాడే ఎత్తు ఉందంటే ఆ ఆట ఓడిపోలేదన్నట్టే కదా?

శారద, నాచారం

పిల్లల పత్రిక కోసం ఒక కథ రాశాను. ఆరో తరగతి అమ్మాయి జాహ్నవి తన మొదటి టోర్నమెంట్‌లో, ఓడిపోయిన ఏనుగుల ముగింపులో ఒక నెమ్మదైన ఎత్తు వేసి డ్రా చేసుకుంటుంది. చదివినవాళ్ళలో ఒకరు "కాపాడే ఎత్తు ఉందంటే ఆట ఓడిపోలేదు, కథ మొదటి వాక్యమే తప్పు" అన్నారు. ఇంకొకరు "ఆ వయసు పిల్లకి అది తట్టదు" అన్నారు. ఎవరి మాట నిజం? ఘట్టం ఇదీ:

> దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాల్లో మిగతా బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. జాహ్నవి ఓడిపోయింది, ఇంక ఒప్పుకోవడమే మిగిలింది. అటు రాజు, ఏనుగు, ఒక బంటు. ఇటు రాజు, ఏనుగు. చెక్ ఇద్దామని ఏనుగు పట్టుకుంది. పట్టుకున్నాక కనిపించింది, అవతలి రాజు ఎటు పోతాడో. చెక్ ఇచ్చినా తన రాజు మీదికే వస్తాడు, ఇవ్వకపోయినా మీదికే వస్తాడు. ముట్టుకున్న పావు కదపాల్సిందే. కానీ ఎటు కదపాలో ఇంకా తన చేతిలోనే ఉంది. పక్కకి జరపబోయిన ఏనుగుని నిలువుగా తన వైపు లాక్కుని, అవతలి రాజుకి ముందున్న వరుసలో పెట్టి వదిలింది. చెక్ లేదు, చంపడం లేదు. అవతలి అబ్బాయి చాలాసేపు బోర్డు వైపే చూశాడు.

పావులు ఇలా ఉన్నాయి, జాహ్నవిది నలుపు, ఎత్తు తనదే:

```
4k3/R7/8/3KP3/8/8/8/6r1 b - - 0 1
```

శ్రీను, రామంతపూర్

మొదట అన్నాయనదే రైటు. ఒక్క బంటు తేడా ఉన్న రూక్ ముగింపులన్నీ డ్రానే అని చెస్ ఆడేవాళ్ళందరికీ తెలుసు. అందుకే కథలో ఉత్కంఠ లేదు. అమ్మాయి ఏం వేసినా డ్రానే. చెక్ మీద చెక్ ఇస్తూ కూర్చున్నా సరిపోయేది.

పాత ఆర్బిటర్

శ్రీను గారూ, "అన్నీ డ్రానే" అనేది ఆటగాళ్ళు చెప్పుకునే మాట, నియమం కాదు. బంటు ఏడో వరుసకి చేరి, దాని ముందు దాని రాజే నిలబడి, మీ రాజు పక్క నిలువుల్లో ఇరుక్కుపోయిందనుకోండి. అవతలివాడు ఏనుగుని అడ్డంగా తెచ్చి రాజుకి నీడ కట్టుకుంటాడు, బంటు మంత్రి అయిపోతుంది. అక్కడా ఒక్క బంటే తేడా.

శారద గారి బోర్డు పెట్టి చూశాను. ఇది 1777లో ఫిలిడోర్ పుస్తకంలో వివరించిన కాపుదల. నలుపు రాజు బంటు దారికి అడ్డంగా ఉంది, ఏనుగు మూడో వరుస పట్టుకుంది. మూడో వరుస అంటే అమ్మాయి వైపు నుంచి లెక్కపెడితే. కాబట్టి స్థితి డ్రానే, ఆ మేరకు శ్రీను గారి మాట నిజం. కానీ "ఏం వేసినా" అన్నదానితో ఒప్పుకోలేను. పక్కకి జరిపి చెక్ ఇచ్చిందనుకోండి. తెల్ల రాజు ఇ6 మీదకి ఎక్కుతాడు. ఇప్పుడు ఎనిమిదో వరుసలో ఏనుగుతో చెక్ బెదిరింపు ఉంది, అమ్మాయి ఏనుగు వెనక్కి వచ్చి అడ్డం పడినా ఏనుగులు మార్చుకుని బంటుతో గెలుస్తాడు. అమ్మాయి రాజు పక్కకి తప్పుకోవాలి. ఎఫ్ వైపు, అంటే బోర్డు అంచు దగ్గరున్న వైపు తప్పుకుంటే ఇంకా బతుకుతుంది. డి వైపు తప్పుకుంటే పోయింది. పొడుగు వైపు ఏనుగుకి దూరం నుంచి చెక్‌లు ఇచ్చే చోటు కావాలి, రాజు అటే పోతే ఆ చోటు తనే తినేస్తుంది. గడియారంలో సెకన్లు పరిగెడుతుంటే ఆరో తరగతి పిల్ల ఆ రెండింట్లో సరైనది ఎంచుకోవాలి. ఆ చిక్కేదీ రాకుండా ముందే దారి మూసేస్తుంది కథలో ఎత్తు.

కవిత, మలక్‌పేట

"పిల్లకి తట్టదు" అన్న మాట నాకు నచ్చలేదు. నేను బడిలో సాయంత్రాలు చెస్ నేర్పిస్తాను. ఫిలిడోర్ పేరు వినని పిల్లలు కూడా ఈ ఎత్తు వేయడం చూశాను. పుస్తకం గుర్తొచ్చి కాదు, "వాడు ఎక్కడికి రావాలనుకుంటున్నాడు?" అని ఒక్క ప్రశ్న వేసుకుని. రాజు ఆరో వరుసలోకి రావాలనుకుంటున్నాడు. అయితే ఆ వరుస నాది. అంతే.

వాళ్ళకి నిజంగా తట్టనిది రెండో సగం, కథలో అదే లేదు. శారద గారూ, ఆ ఎత్తుతో పని అయిపోలేదు. అవతలివాడు ఊరికే ఏనుగు అటూ ఇటూ తిప్పుతున్నంతసేపూ జాహ్నవి కూడా ఆ వరుసలోనే జరుపుతూ ఉండాలి. బంటు ఒక్క గడి ముందుకి పడగానే మాత్రం ఇంత కష్టపడి పట్టుకున్న వరుస వదిలేసి, ఏనుగుని బోర్డు ఆ చివరికి పంపాలి. ఇలా:

```
1... Rg6 2. e6 Rg1 3. Kd6 Rd1+ 4. Ke5 Re1+
```

ఎందుకంటే బంటు ఇ6కి వచ్చాక రాజు దాక్కునే గడి ఆ బంటే ఆక్రమించింది. వెనక నుంచి చెక్ ఇస్తే రాజుకి నీడ లేదు. చెక్ తప్పించుకోవాలంటే బంటుని వదిలి దూరం పోవాలి. మా పిల్లలు ఇక్కడే పడిపోతారు. మూడో వరుస కాపాడింది కదా అని దాన్నే పట్టుకుని వేలాడతారు. అప్పుడు తెల్ల రాజు డి6కి వస్తాడు, పక్క నుంచి చెక్ ఇద్దామంటే మధ్యలో ఆ బంటే గోడ, పైన మాట్ బెదిరింపు. పోయినేడు ఒక పాప సరిగ్గా ఇలాగే ఓడి, బల్ల కింద చెప్పులు వెతుక్కుంటూ చాలాసేపు పైకి లేవలేదు. ఏడుస్తోందని నాకు తెలుసు. కథ మొదటి ఎత్తు దగ్గర ఆపితే చదివిన పిల్ల రేపు అలాగే ఓడుతుంది.

ఉప్పల్ నాన్న

డ్రా గురించే కదా మాట్లాడుతున్నరు, నా ముచ్చట కూడా వినుండ్రి. మా పిల్లగాడు పోయిన ఎండకాలం సెలవులల్ల ఒక టోర్నమెంటుకు పోయిండు. వాడి దగ్గర రాజు, రూక్. అవతలోని దగ్గర కూడా గంతే. ఇద్దరూ తిప్పుతనే ఉన్నరు. వస్తడేమో అని ఆర్బిటర్ దిక్కు చూసుకుంట కూసున్నడు, ఆయన రాలే. టైమ్ అయిపోయి ఓడిపోయిండు. ఇంటికొచ్చి "నాన్నా, మూడుసార్లు గదే వచ్చింది, సార్ డ్రా అనలేదు" అన్నడు. శారద అక్కా, మీ కథల ఆర్బిటర్ వచ్చి డ్రా అంటడా? అనకపోతే అన్యాయం.

పాత ఆర్బిటర్

అన్నా, మీరు అడిగింది వేరే విషయమే అయినా కథకి పనికొస్తుంది. ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందనో, 50 ఎత్తుల్లో బంటు కదలలేదు, పావు చావలేదనో డ్రా కావాలంటే ఆటగాడే అడగాలి. గడియారం ఆపి, ఆర్బిటర్‌ని పిలిచి చెప్పాలి. ఆర్బిటర్ తనంతట తాను ఆపేది ఒకే స్థితి ఐదుసార్లు వచ్చినా, ఆ లెక్క 75 ఎత్తులు దాటినా. అది కూడా చూసి ఉంటేనే. రాపిడ్ ఆటల్లో పిల్లలు ఎత్తులు రాసుకోరు, ఎన్నిసార్లు వచ్చిందో రుజువు చేయడం కష్టం. మీ బాబు తప్పేమీ లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు. ఈసారి వెళ్ళేముందు చెయ్యెత్తి పిలవడం ఒక్కటి ఇంట్లో అలవాటు చేయించండి.

శారద గారూ, ముట్టుకున్న పావు సంగతి మీరు సరిగ్గా రాశారు. పట్టుకున్న ఏనుగే కదపాలి, కానీ వదిలేదాకా ఏ గడి అన్నది ఆమె ఇష్టం.

శ్రీను, రామంతపూర్

చెక్‌ల గురించి నేను తొందరపడ్డాను, బోర్డు మీద పెట్టుకుంటే తెలిసింది. కానీ నా అసలు మాట మీద ఉన్నాను. ఆర్బిటర్ గారే డ్రా అంటున్నారు. అప్పుడు "జాహ్నవి ఓడిపోయింది" అని కథకురాలు తన నోటితో రాయడం పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడమే. అమ్మాయి అనుకుంది అని రాయండి, గొడవే లేదు.

కవిత, మలక్‌పేట

ఆ నిమిషంలో హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ అది ఓడిపోయిన ఆటే కదండీ. బంటు తక్కువ, రాజు మీదికి వస్తున్నాడు. పిల్ల కళ్ళతో రాస్తున్న కథలో పిల్లకి తెలిసినదే వాక్యం అవుతుంది.

పాత ఆర్బిటర్

శ్రీను గారికీ కవిత గారికీ మధ్య నేనొక దారి చూపిస్తాను. నిజంగా ఓడిపోయిన స్థితే ముందు పెట్టండి. అమ్మాయి రాజు హెచ్7లో ఉంది, అవతలి ఏనుగు జి నిలువులో నిలబడి దాన్ని ఇవతలికి రానివ్వడం లేదు. తెల్ల రాజు, బంటు ఇప్పుడున్న చోటే. అది ఓటమే, అందులో వాదన లేదు. అక్కడ అవతలి అబ్బాయి ఊరికే ఉండలేక ఏనుగుని హెచ్ నిలువుకి తెచ్చి చెక్ ఇస్తాడు. రాజు జి7కి వస్తుంది. మళ్ళీ జి నిలువులోంచి చెక్. రాజు ఎఫ్8కి వస్తుంది. రెండు చెక్‌లతో, తను అడ్డుకోవాల్సిన రాజుని వాడే చెయ్యి పట్టుకుని బంటు ముందుకి తీసుకొచ్చాడు. కాసేపటికి మీ స్థితి వస్తుంది. వాడు చెక్ ఇచ్చి పోగొట్టుకున్నది ఈమె చెక్ ఇవ్వకుండా నిలబెట్టుకుంటుంది. నేను బల్లల మధ్య తిరిగిన ఇన్నేళ్ళలో చిన్నపిల్లల ఏనుగుల ముగింపులు ఎక్కువగా ఇలాగే తిరగబడ్డాయి.

శ్రీను, రామంతపూర్

అలా అయితే ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఆట కాపాడింది జాహ్నవి కాదు, అవతలి అబ్బాయి పొరపాటు. శారద గారు ఒప్పుకుంటారా?

శారద, నాచారం

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి బోర్డు ముందేసుకుని కూర్చున్నాను. శ్రీను గారూ, మీ ఆఖరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వాడి రెండు చెక్‌లు పెడితే కథ సగం వాడిదవుతుంది, అది నాకు ఇష్టం లేదు. పెట్టకపోతే "ఓడిపోయింది" అన్న మాట మార్చాలి, అదీ ఇష్టం లేదు. పత్రికవాళ్ళని వారం గడువు అడిగాను.

కవిత గారు చెప్పిన రెండో సగం మాత్రం రాసేశాను:

> బంటు ఒక గడి ముందుకి పడింది. జాహ్నవి ఏనుగుని చూసింది. ఇంతసేపూ ఆ వరుసలోనే ఉంది, అక్కడ ఉంటే భయం వేయలేదు. దాన్ని ఎత్తి, చెయ్యి బాగా చాచి, అవతలి అబ్బాయి మోచేతి దగ్గర ఆఖరి వరుసలో పెట్టింది. గడియారం నొక్కాక చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే గాజులు బల్లకి తగిలి చప్పుడైంది.

ఉప్పల్ అన్నా, డ్రా కోసం జాహ్నవే చెయ్యెత్తి ఆర్బిటర్‌ని పిలుస్తుంది. అది మీ బాబు కోసం.