మదర్స్ డే మిక్సీ యాడ్: ‘అలసిపోదు, ఆగదు, అడగదు’ అంటే తప్పేంటి?

మాదాపూర్ కాపీవాలా:
మా ఏజెన్సీకి ఒక వంటింటి సామాన్ల బ్రాండ్ పని వచ్చింది. మే రెండో ఆదివారానికి 40 సెకన్ల యాడ్ చేయాలి. కథ ఇది. ఆదివారం పొద్దున్నే, అమ్మ లేవకముందే, కొడుకు కొత్త మిక్సీతో ఇడ్లీ చేద్దామని దిగుతాడు. మూత సరిగ్గా పెట్టడు, పిండి సీలింగ్ దాకా ఎగురుతుంది. అమ్మ నవ్వుకుంటూ వచ్చి, చకచకా తుడిచేసి, అందరికీ వేడివేడి ఇడ్లీలు పెడుతుంది. చివర్లో: ‘అలసిపోదు. ఆగదు. అడగదు. అమ్మలాంటి మిక్సీ.’ మా జూనియర్ అమ్మాయి ఇది ఆడవాళ్ల మీద మూస యాడ్ అంటోంది. వంటింట్లోకి వెళ్లింది కొడుకే కదా, ఇంకేం కావాలి? అసలు అమ్మను వంటింట్లో చూపించకుండా మిక్సీ ఎలా అమ్ముతారు?

రూల్‌బుక్ రవి:
బ్రో, మీ యాడ్ టీవీ దాకా రాదు. యాడ్స్ మీద ఫిర్యాదులు చూసే ఇండస్ట్రీ సంస్థ ఏఎస్‌సీఐ 2022లోనే రూల్ పెట్టింది, ఆడవాళ్లు వంట చేస్తున్నట్టు చూపించకూడదని. ఎవరైనా ఒక్క ఫిర్యాదు పెడితే చాలు. అమ్మను సోఫాలో కూర్చోబెట్టి కొడుకుతో వండించండి, పని అయిపోతుంది.

శారద, నల్లకుంట:
రవీ, సంవత్సరం కరెక్టే గానీ రూల్ అది కాదు. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ కాపీ పనిలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆడవాళ్లు ఇల్లు ఊడ్చడం, మగవాళ్లు ఆఫీసుకెళ్లడం లాంటివి చూపించొచ్చు. ఆ పని వాళ్లకే రాసిపెట్టి ఉంది, వేరేవాళ్లు చేయరు అన్న అర్థం రాకూడదు, అంతే. ఏఎస్‌సీఐ ముందుగా సర్టిఫికెట్ ఇచ్చే సెన్సార్ బోర్డూ కాదు.

ఈ స్క్రిప్ట్‌లో చిక్కు అమ్మ వంటింట్లో ఉండటం కాదు, కొడుకు చెడగొట్టడం. మగవాడు కాబట్టి పని రాదు, ఆడది కాబట్టి కారు పార్క్ చేయడం రాదు అనే జోకుల గురించి ఆ మార్గదర్శకాల్లో విడిగా రాశారు. బ్రిటన్‌లో 2019లో ఇలాంటి నిబంధనే వచ్చింది. దాని కింద మొదట ఆగిపోయినవాటిలో ఒకటి ఫిలడెల్ఫియా చీజ్ యాడ్. అందులో ఇద్దరు నాన్నలు తిండి ధ్యాసలో పడి పసిపిల్లల్ని కన్వేయర్ బెల్ట్ మీద వదిలేస్తారు. కంపెనీ సరదాకే తీసింది. కానీ నాన్నకి పిల్లల్ని చూసుకోవడం చేతకాదు అన్నాక, మరి ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకి జవాబు ఒక్కటే మిగులుతుంది కదా. మీ పిండి సీలింగ్‌కి ఎగరడమూ అంతే. కొడుకు వంటింట్లోకి వెళ్లింది అది అమ్మ పనేనని మళ్లీ రుజువు చేయడానికి.

కూకట్‌పల్లి కర్రీ పాయింట్:
అన్నా, పిండి ఎగరడం మూత వల్లనే కాదు, జార్ నిండా వేసినా ఎగురుతది. సగానికి మించి వేయొద్దు. నీళ్లు కొద్దికొద్దిగా పోయాలె, చల్లనీళ్లు అయితే పిండి వేడెక్కదు. ఇంకో మాట. పొద్దుగాల లేచి మిక్సీ పట్టి అప్పుడే ఇడ్లీ ఎట్ల పెడుతరు? మినప్పప్పు ఎప్పుడు నానబెట్టిండు? మా షాపుల మధ్యాహ్నమే నానబోస్తం, రాత్రి రుబ్బుతం, పొద్దుటికి పులుస్తది. మా దగ్గర వంటంతా మగోళ్లమే. ఇంతకీ ఏ కంపెనీ మిక్సీ? రోజుకు పది కిలోల పప్పుకు ఆగుతదా?

శారద, నల్లకుంట:
ఈ అన్న మిక్సీ రిపేర్ గురించి మాట్లాడుతున్నాననుకుని, మనందరం వదిలేసింది పట్టుకున్నాడు! గ్లాసు మినప్పప్పు కడిగి నాలుగైదు గంటలు నానబెట్టాలి. రుబ్బాక, కడిగి పిండిన రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలపాలి. ఆ తర్వాత రాత్రంతా పులియాలి. కొడుకు ఎగరగొట్టింది ఆదివారం రుబ్బిన పిండైతే, అమ్మ పదిహేను నిమిషాల్లో అందరికీ పెట్టిన ఇడ్లీలు ఏ పిండితో వచ్చాయి? శనివారం రాత్రే ఆవిడ రుబ్బి పులియబెట్టి ఉంటుంది. మీ 40 సెకన్లలో ఆ పని కనబడదు. కనబడకపోవడం కూడా మీరు కావాలని చేయలేదు, రాసేటప్పుడు గుర్తే రాలేదు. ఇలాంటి స్క్రిప్ట్ నా టేబుల్ మీదకి వస్తే నేను మొదట అడిగేది అదే: పప్పు ఎవరు నానబెట్టారు, జార్ ఎవరు కడిగారు?

అత్తాపూర్ అనిత:
అందరూ అమ్మను వంటింట్లోంచి బయటికి లాగాలనే చూస్తున్నారు. నాకు వంటంటే ఇష్టమండీ. ఈ మే నెలలో ఆవకాయ పెట్టడం నా పండగ. రామ్‌నగర్ వెళ్లి కాయలు ఏరుకుని, అక్కడే కత్తిపీట దగ్గర కూర్చున్నతనితో టెంకతో సహా ముక్కలు కొట్టించుకుని, ఇంటికి తెచ్చి ఒక్కొక్క ముక్కా గుడ్డతో తుడుస్తాను. ఆవాలు మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, ఒకేసారి తిప్పితే వేడెక్కి చేదొస్తుంది. ఇది నాకు వచ్చిన విద్య. నన్ను యాడ్‌లో చూపిస్తే ఆడవాళ్లకి అవమానమా? అయితే ఒకటి, పోయినేడాది మదర్స్ డేకి మా అబ్బాయి నాకు మిక్సీ కొనిచ్చాడు. పాతది పాడైంది, ఎలాగూ కొనాల్సిందే. వాళ్ల నాన్న పుట్టినరోజుకి మాత్రం వాచీ కొన్నాడు. నేనేమీ అనలేదనుకోండి.

అమీర్‌పేట కౌంటర్:
అక్కా, మా షాపులో కూడా అదే చూస్తుంటాను. డబ్బులు కొడుకో కూతురో ఇస్తారు. జార్ మూత బిగించి చూసేది, చట్నీ జార్ ఎంతుందో చేతిలో పట్టుకుని చూసేది అమ్మ. యాడ్ చూసి ఎమోషనల్ అయి వచ్చేవాళ్లు తక్కువ, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ చూసి వచ్చేవాళ్లే ఎక్కువ.

మాదాపూర్ కాపీవాలా:
పప్పు సంగతి ఒప్పుకున్నాను, సిగ్గుగానే ఉంది. కొడుకు జోక్ కూడా తీసేస్తాను. కానీ ఆ ట్యాగ్‌లైన్ మీద మాత్రం చేయి వేయకండి. క్లయింట్ చప్పట్లు కొట్టింది దానికే. అమ్మని పొగుడుతోందే గానీ తిట్టట్లేదు కదా?

శారద, నల్లకుంట:
తమ్ముడూ, అన్నింటికంటే పెద్ద చిక్కు అక్కడే ఉంది. ‘అలసిపోదు’ అని మీరు రాస్తే అది మిక్సీకీ సరిపోయింది, అమ్మకీ సరిపోయింది. ఎందుకు సరిపోయిందో చూడండి. అమ్మ వస్తుంది, బస్సు వస్తుంది. నాన్న మాత్రం వస్తాడు. తెలుగులో ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకీ క్రియ ఒకటే. బహువచనంలో గానీ ఆడవాళ్లు మనుషుల్లో కలవరు: అమ్మలు వస్తారు, బస్సులు వస్తాయి. ఇది భాష స్వభావం, దాన్ని మీరూ నేనూ మార్చలేం. కానీ మీరు ఆ స్వభావం మీదే లైను కట్టారు. ఇప్పుడు అదే లైను నాన్నకి రాసి చదవండి: ‘అలసిపోడు. ఆగడు. అడగడు. నాన్నలాంటి మిక్సీ.’ నవ్వొస్తుంది, మిక్సీకి అతకదు. అమ్మ అయితే అతికినట్టుంది. చప్పట్లు ఆ అతుకుడికే.

ఇక ‘అడగదు’. ఇది పొగడ్తలా వినిపించే షరతు. అడిగితే మంచి అమ్మ కాదన్నమాట. దశాబ్దం కిందట హావెల్స్ వాళ్లు కాఫీ మేకర్, మిక్సీ లాంటి వాటికి యాడ్స్ తీశారు. ‘నేను కిచెన్ అప్లయన్స్‌ని కాదు’ అని ఆడవాళ్ల చేతే చెప్పించారు. ఆ బ్రాండ్ కూడా అమ్మింది వంటింటి సామానే. మీరు సరిగ్గా దానికి ఎదురు వైపు నడుస్తున్నారు.

రూల్‌బుక్ రవి:
ఇది నాకు తట్టలేదు మేడమ్. అంకెలు కూడా వేయండి యాడ్‌లో. 2024 టైమ్ యూజ్ సర్వేలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు జీతం లేని ఇంటిపని చేస్తే, మగవాళ్లు 88 నిమిషాలు చేశారు.

శారద, నల్లకుంట:
ఆ 88 నిమిషాలు కూడా ఆ రోజు ఇంటిపని చేసిన మగవాళ్ల లెక్క. అసలు చేయనివాళ్లు అందులో లేరు. అంకె నిజమే గానీ మిక్సీ యాడ్‌లో పెడితే పాఠంలా ఉంటుంది. బ్రీఫ్‌లో రాసుకోండి, క్లయింట్‌కి చూపించండి.

మాదాపూర్ కాపీవాలా:
రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. శనివారం మధ్యాహ్నం. నాన్న పప్పు కడిగి నానబోస్తాడు, ఫోన్‌లో అలారం పెట్టుకుంటాడు. రాత్రి హాల్లో ఐపీఎల్. అమ్మ మ్యాచ్‌లో మునిగిపోయి ‘వైడ్ రా అది!’ అని అరుస్తుంటుంది. మిక్సీ శబ్దానికి విసుక్కుని టీవీ సౌండ్ పెంచుతుంది. కొడుకు రుబ్బి, జార్‌లో నీళ్లు పోసి ఒకసారి తిప్పి, బ్లేడ్ కింద పట్టిన పిండి కడుగుతాడు. ఆ షాట్ మాత్రం దగ్గరగా, మూడు సెకన్లు. పొద్దున అమ్మ తింటూ ‘ఉప్పు తగ్గింది’ అంటుంది. ఎవరూ చప్పట్లు కొట్టరు. లైన్: ‘రుబ్బేది ఎవరైనా సరే.’

అత్తాపూర్ అనిత:
‘ఉప్పు తగ్గింది’ బాగుంది. మా ఇంట్లో ఇంతకాలం ఆ మాట అనే హక్కు నాకు తప్ప అందరికీ ఉంది. కానీ ఈ తండ్రీకొడుకులు మదర్స్ డే ముందు రోజే ఎందుకు లేచారు? సోమవారం పప్పు ఎవరు నానబెడతారు?

శారద, నల్లకుంట:
అందుకే అలారం షాట్ చూడగానే బాగుందనుకున్నాను. ఆ అలారం మీద ‘ప్రతి శనివారం’ అని ఉంటే సరిపోతుంది, డైలాగ్ అక్కర్లేదు. ‘ఈ రోజు అమ్మకి రెస్ట్’ అనే మాట ఎక్కడా రానివ్వకండి. అంటే మిగతా రోజులు డ్యూటీ అనేగా. ఇక అనిత గారి ఆవకాయ విషయం. ఆవిడ్ని యాడ్‌లో చూపించొచ్చు, తప్పకుండా. ఆవిడ కొలత చెప్తుంటే, ముక్కలు తుడిచేది, ఆవపిండి పట్టేది మిగతావాళ్లు. విద్య ఆవిడదే, చాకిరీ అందరిదీ.

అత్తాపూర్ అనిత:
అప్పుడు కూడా అందరికీ పని పురమాయించేది, ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునేది నేనే కదండీ. అదీ పనే.

శారద, నల్లకుంట:
అవును. దానికి నా దగ్గర షాట్ లేదు.

మాదాపూర్ కాపీవాలా:
అప్‌డేట్. అలారం షాట్ పాసయింది. కొత్త లైన్‌లో అమ్మ లేదు, ఎమోషన్ లేదు అంటున్నారు. పాత లైన్‌తో ఒక కట్, కొత్త లైన్‌తో ఒక కట్, రెండూ ఇమ్మన్నారు. పాత కట్ నేను ఎడిట్ చేయనని మా జూనియర్ చెప్పేసింది. నేనే కూర్చోవాలేమో చూడాలి.

కూకట్‌పల్లి కర్రీ పాయింట్:
అన్నా, పది కిలోల సంగతి ఎవరూ చెప్పలే.

అమీర్‌పేట కౌంటర్:
ఇంటి మిక్సీ ఆగదన్నా, మోటార్ కాలిపోతుంది. టిల్టింగ్ గ్రైండర్ తీసుకో.