సబ్బు పెట్టె డైలైన్: మూలలో అంచు బయటికొస్తోంది, మూత దూరట్లేదు

ప్రశ్న: ఇంట్లో సబ్బులు చేస్తానండీ, నాలుగు వారాలు ఆరాక ఒక్కోటి 80 × 55 × 25 మి.మీ. ఉంటుంది. ఇంక్‌స్కేప్‌లో కోత, మడత గీతలతో పెట్టె డైలైన్ నేనే గీశా, ఎడమ నుంచి అంటించే ముక్క 12, తర్వాత పలకలు 57, 27, 57, 27, ఎత్తు 82, మూత నాలుక 13. కార్డు 300 జీఎస్ఎమ్. గమ్ పెట్టాక ఒక మూలలో అంచు సన్నగా పొడుచుకొస్తోంది, మూత నాలుక దూర్చబోతే దాని మూలలు నలిగిపోతున్నాయి. ఎక్కడ తప్పింది?

ఒకరు: కొలతలు బిగువుగా ఉన్నాయి, అన్నిటికీ ఇంకో 2 మి.మీ. కలిపేయండి.

ఇంకొకరు: సబ్బుకి బటర్ పేపర్ చుడతారా? చుడితే ఆ మడతల మందం కోసం కాస్త కలపాల్సిందే, అది నిజమే. కానీ ఎంత కలిపినా ఆ మూల మాత్రం పోదమ్మా. అంటించే ముక్క చివరి పలక లోపలికెళ్తుంది కదా, అందుకే చివరి పలక అంచు సరిగ్గా మడత దగ్గరే ఆగాలి, కార్డు మందం వల్ల అది దాటిపోతోంది. చివరి పలక ఒక్కటే 26.5 చెయ్యండి. అంటించే ముక్క పైనా కిందా మూలలు ఏటవాలుగా కోసెయ్యండి, లేకపోతే అవి మూత మడత దగ్గర అడ్డుపడతాయి. నాలుక వెడల్పు 57 అలాగే ఉంచారా? రెండు వైపులా అర మి.మీ. తగ్గించి మూలలు గుండ్రంగా చెయ్యండి. పక్క రెక్కల పొడవు 20 చాలు, రెండూ ఎదురెదురుగా వస్తాయి కాబట్టి 28 దాటితే మధ్యలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

మరొకరు: నాకు 500 పెట్టెలు కావాలి, డై ఎక్కడ చేయిస్తారు?

ఇంకొకరు: అది వేరే సంగతి, ముందు చేత్తో ఒకటి సరిగ్గా నిలవనివ్వండి. డైకి ఇచ్చేటప్పుడు మాత్రం కోత గీత నిండుగా ఒక రంగులో, మడత గీత చుక్కలుగా ఇంకో రంగులో, వేరే లేయర్‌లో పెట్టండి, అవి ప్రింట్‌లోకి రాకూడదు. అంటించే ముక్క మీద ప్రింటూ లామినేషనూ వద్దు, గమ్ పట్టదు.

ప్రశ్న అడిగినవారు: 26.5 చేశా, మూల కుదిరింది! కానీ మడతల దగ్గర ప్రింట్ పగిలి తెల్లగా కనిపిస్తోంది, గాడి వెనక వైపు నుంచి పెన్నుతో గట్టిగా లాగా.

ఇంకొకరు: అదే కారణం. ఇంకు లేని బాల్ పెన్నుతో, స్టీల్ స్కేలు ఆనించి, ప్రింట్ వైపు నుంచి నెమ్మదిగా లాగండి. గాడి బయట, ఉబ్బు లోపల ఉండేలా, ఉబ్బు వైపుకే మడవాలి.

ఒకరు: మూతకి చీలిక లాక్ పెట్టాలి కదా?

ఇంకొకరు: నేనైతే పెట్టను, 57 వెడల్పుకి నాలుక బిగువు సరిపోతుంది. వానాకాలంలో కార్డు మెత్తబడితే తెరుచుకుంటుందేమో, అది మీరే చూసి చెప్పండి.